ఊదారంగు పట్టని కణాలు

తొంభైల చివర్లో మా ఎమర్జెన్సీ ల్యాబ్ అంటే మెట్ల కింద ఉన్న ఒక ఇరుకు గది. కోస్తాలో ఒక పెద్దాసుపత్రి, ఊరి పేరు అక్కర్లేదు. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగడం. గదిలో ఒంటికన్ను మైక్రోస్కోపు, దానికి అద్దం, అద్దం ముందు అరవై క్యాండిల్ బల్బు. మూలన సెంట్రిఫ్యూజ్ తిరిగితే బల్లమీద సీసాలన్నీ చిన్నగా వణికేవి. ఇంకో పక్క ఫ్లేమ్ ఫోటోమీటరు, సోడియం పొటాషియం చూడటానికి. దాన్ని వెలిగించాలంటే కొత్తవాళ్ళకి భయం.

రాత్రిపూట వచ్చే శాంపిల్స్‌లో నాకు ఇష్టమైనది వెన్నునీరు. ఇష్టం అనకూడదేమో, దాని వెనక ఎవరో ఒకరు స్పృహ తప్పుతూ ఉంటారు కదా. కానీ పనిగా చూస్తే అంత శ్రద్ధ అడిగేది ఇంకోటి లేదు. వెన్నులోంచి తీసిన గంటలోపే అందులోని తెల్లకణాలు చితికిపోవడం మొదలవుతుంది. అందుకే పొద్దున చూద్దాంలే అనడానికి లేదు. అర్ధరాత్రయినా, కరెంటు పోయినా అప్పటికప్పుడు లెక్కపెట్టాల్సిందే.

ఆ రాత్రి ట్యూబు పట్టుకొచ్చింది పేషెంటు భార్య. అప్పట్లో శాంపిల్స్ మోసేది ఎక్కువగా బంధువులే. చంకలో పిల్ల నిద్రపోతోంది, చేతిలో దూది మూత పెట్టిన చిన్న సీసా. "అన్నయ్యా, డాక్టరమ్మ ఇప్పుడే కావాలన్నారు" అంది. కాగితం మీద వయసు 31, మూడు వారాలుగా తలనొప్పి, వాంతులు, రెండురోజులుగా మగత అని రాసి ఉంది. చివర ప్రశ్నార్థకం పెట్టి "టీబీ మెనింజైటిస్", అంటే మెదడు పొరలకి టీబీ.

ఆ ప్రశ్నార్థకం ఉన్నా, ఆ రోజుల్లో అది దాదాపు జవాబే. వారాల తరబడి తలనొప్పి, సన్నటి జ్వరం, చూడటానికి నీళ్ళలా తేటగా ఉన్న వెన్నునీరు. మా వార్డుల్లో పదికి తొమ్మిది మంది విషయంలో అది టీబీయే అనుకునేవాళ్ళం. చీముతో వచ్చే మెనింజైటిస్ అయితే సీసాలోనే తెలిసిపోతుంది, మబ్బుగా ఉంటుంది. ఇది తేటగా ఉంది. షుగరు చూశాను, తక్కువ. ప్రోటీను ఎక్కువ. టీబీలో రెండూ అలాగే ఉంటాయి. ఇక మిగిలింది కణాల లెక్క. తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లు పదులు, వందల్లో ఉంటే పీజీ డాక్టరు టీబీ మందులు, వాటితోపాటు స్టెరాయిడ్ మొదలుపెడుతుంది. రాత్రికి కథ ముగుస్తుంది.

లెక్కపెట్టే పద్ధతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. న్యూబార్ చాంబర్ అంటే మందపాటి గాజుపలక. దానిమీద కంటికి కనపడీ కనపడని గళ్ళు గీసి ఉంటాయి. పెద్దగళ్ళు తొమ్మిది, ఒక్కోటి ఒక చదరపు మిల్లీమీటరు. పైన కవర్‌స్లిప్ పెడితే కింద మిగిలే లోతు మిల్లీమీటరులో పదోవంతు. అంటే తొమ్మిది గళ్ళలో పట్టే నీరు ఒక క్యూబిక్ మిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ, 0.9. వెన్నునీరు నేరుగా వేయకుండా టర్క్స్ ఫ్లూయిడ్ అనే ద్రవం కొంచెం కలుపుతాం. అందులో ఎసిటిక్ యాసిడ్, జెన్షన్ వయొలెట్ రంగు ఉంటాయి. యాసిడ్ ఎర్రకణాలను కరిగించేస్తుంది. రంగు తెల్లకణాల కేంద్రకానికి పడుతుంది. కాబట్టి చాంబర్‌లో మిగిలిన ప్రతి గుండ్రటి కణమూ ఊదారంగు మచ్చతో కనిపించాలి, దాన్ని తెల్లకణంగా లెక్కేయాలి.

పిపెట్‌లో ఒకటో గీత దాకా టర్క్స్ ఫ్లూయిడ్, ఆపైన పదకొండో గీత దాకా వెన్నునీరు. పీల్చేది నోటితోనే. పిపెట్‌కి ఒక రబ్బరు గొట్టం, దాని చివర చిన్న మౌత్‌పీసు, అది పళ్ళ మధ్య. ఇవాళ ఎవరైనా ల్యాబులో అలా చేస్తే ఉద్యోగం ఊడుతుంది, ఊడాలి కూడా. మాకు గ్లవ్స్ కూడా సర్జరీవాళ్ళు వాడి, ఉతికి, పౌడరు అద్ది పంపినవే. ఆ గ్లవ్స్ పౌడరు సంగతి ఈ కథలో మళ్ళీ వస్తుంది.

చాంబర్ నింపాక ఫ్యాను ఆపేశాను. గాలికి అంచుల్లో నీరు ఆరిపోతే లెక్క తప్పుతుంది. కణాలు కిందికి దిగడానికి మూడు నిమిషాలు ఆగి, కండెన్సర్ కిందికి దించి, మొదటి గడి మొదలుపెట్టాను. ఎడమ గీతనీ పై గీతనీ తాకినవి లెక్కలోకి, కుడి గీతనీ కింది గీతనీ తాకినవి పక్కకి. నాలుగు, ఆరు, ఐదు, అలా కాగితం మీద రాసుకుంటూ పోతున్నాను. తొమ్మిది గళ్ళూ కలిపితే 46. నీరు 0.9 మాత్రమే కాబట్టి ఒక సవరణ, టర్క్స్ ఫ్లూయిడ్ కలిపినందుకు ఇంకో సవరణ, రెండూ కలిపి 1.23తో గుణిస్తే 57. మామూలు మనిషికి ఐదు దాటకూడదు. 57 అంటే టీబీకి చక్కగా సరిపోతుంది.

ఇంత బాగా సరిపోవడమే బాగాలేదని నాకప్పుడు తోచిందని రాస్తే బావుంటుంది కానీ, అలా ఏమీ తోచలేదు. నన్ను ఆపింది రంగు. ఐదో గడిలోనో ఆరో గడిలోనో రెండు కణాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి లోపల ఊదా మచ్చ ఉంది. రెండోదానికి లేదు. అసలు ఏ రంగూ లేకుండా, ఫైన్ అడ్జస్ట్‌మెంట్ తిప్పినప్పుడల్లా ఒకసారి మెరిసి ఒకసారి నల్లబడుతోంది. ఎర్రకణమా అంటే యాసిడ్‌లో అది మిగలకూడదు. తెల్లకణమా అంటే రంగు పట్టాలి. వెనక్కి వెళ్ళి చూసిన గళ్ళన్నీ మళ్ళీ చూశాను. అలాంటివే ఎక్కువ! పైగా అన్నీ ఒక సైజులో లేవు. లింఫోసైట్లు దాదాపు ఒకే ఈడుగా కనిపిస్తాయి. ఇవి కొన్ని లింఫోసైటులో సగం, కొన్ని దానికన్నా పెద్దవి. ఎనిమిదో గడి మూలన ఉన్నదానికి మాత్రం ఒక పక్కన చిన్న బుడిపె, సన్నటి మెడతో అతుక్కుని.

మన ఒంట్లో ఏ తెల్లకణమూ మొగ్గ తొడగదు. మొగ్గ తొడిగేది ఈస్టు.

అయితే వెంటనే పైకి పరిగెత్తలేదు. మైక్రోస్కోపులో వింత కనిపించగానే మొదట అనుమానించాల్సింది మన సీసాలనే. గాలిబుడగలు ఇలాగే గుండ్రంగా ఉంటాయి, కానీ వాటి అంచు దట్టమైన నలుపు, లోపల ఏమీ ఉండదు. ఇందాక చెప్పిన గ్లవ్స్ పౌడరు గింజలు కూడా మెరుస్తాయి, కానీ అవి సరిగ్గా గుండ్రంగా ఉండవు, మధ్యలో చిన్న చీలిక కనిపిస్తుంది. ఈ రెండూ కాదని కంటికే తెలుస్తోంది. అసలు భయం టర్క్స్ ఫ్లూయిడ్‌తో. నెలల తరబడి అదే సీసాలో పైపైన నింపుతూ పోతే అందులోనే బూజు పడుతుంది. అప్పుడు ఆ రోజు వచ్చిన ప్రతి శాంపిల్‌లోనూ ఈస్టు ఉన్నట్టే కనిపిస్తుంది.

చాంబర్ కడిగి, స్పిరిట్‌తో తుడిచి, టర్క్స్ ఫ్లూయిడ్ ఒక్కటే వేసి చూశాను. గళ్ళు తప్ప ఏమీ లేవు. మళ్ళీ కడిగి ఈసారి వెన్నునీరు ఒక్కటే, ఏదీ కలపకుండా వేశాను. ఉన్నాయి. అదే మెరుపు, అవే చిన్నా పెద్దా సైజులు. అంటే వచ్చింది మా సీసాలోంచి కాదు, అతని వెన్నులోంచే. మొదటి మిశ్రమం పిపెట్‌లో ఇంకా మిగిలే ఉంది కాబట్టి దాన్నే మళ్ళీ వేసి, రంగు పట్టినవి వేరుగా, పట్టనివి వేరుగా లెక్కపెట్టాను. ఈసారీ మొత్తం దాదాపు అంతే వచ్చింది. అందులో అసలైన తెల్లకణాలు 9. సవరణలు చేస్తే 11. అంటే 57 లింఫోసైట్లు అని వెళ్ళాల్సిన రిపోర్టులో ముప్పావు వంతుకు పైగా లింఫోసైట్లే కావు.

వెన్నునీటిలో మొగ్గ తొడిగే ఈస్టు అనగానే గుర్తొచ్చే పేరు క్రిప్టోకాకస్ అనే ఫంగస్. దానికి ఒంటిచుట్టూ దళసరి జిగురు పొర ఉంటుంది, క్యాప్సూల్ అంటారు. ఆ పొరకి రంగులు సరిగా పట్టవు. అందుకని దాన్ని చూడటానికి తిరగేసి ఆలోచించారు పెద్దలు. కణానికి రంగు వేయకుండా చుట్టూ ఉన్న నీటిని నల్లగా చేస్తారు. ఇండియా ఇంకులోని మసి రేణువులు ఆ పొరలోకి దూరలేవు, కాబట్టి నల్లటి నేపథ్యంలో పొర ఉన్నమేరకి తెల్లగా మిగులుతుంది. పరీక్ష మొత్తం ఒక చుక్క ఇంకు, ఒక చుక్క వెన్నునీరు. కానీ ఆ ఇంకు మైక్రోబయాలజీలో ఉంటుంది. మైక్రోబయాలజీకి తాళం. తాళంచెవి ఉన్నాయన పొద్దున తొమ్మిదింటికి గానీ రాడు.

రాత్రి రెండున్నరకి ఇండియా ఇంకు ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు గుర్తొచ్చింది, అనాటమీ డిపార్ట్‌మెంటులో ఒక ఆర్టిస్టు ఉండేవాడు. మెడికల్ కాలేజీల్లో అలాంటి పోస్టు ఉండేదని ఈతరం వాళ్ళకి తెలియకపోవచ్చు. ఎముకలు, నరాలు, గుండె అడ్డుకోత, ఇవన్నీ పెద్ద చార్టుల మీద గీయడమే ఆయన ఉద్యోగం. గీసేది నల్ల డ్రాయింగ్ ఇంకుతో, అంటే అదే ఇంకు.

వాచ్‌మన్ బాబాయిని లేపితే ముందు అర్థం కాలేదు. "ఈ యేళప్పుడు శవాల గదిలో ఏం పని బాబూ?" అన్నాడు.

"శవాల గది కాదు బాబాయ్, పక్క గది. బొమ్మలేసే ఆయన గది. ఇంకు కావాలి."

"పెన్నులో ఇంకైపోయిందా? నా దగ్గర బాల్‌పెన్ను ఉంది, పట్టుకుపో."

చివరికి టార్చి పట్టుకుని ముందు నడిచాడు. దారిలో ఫార్మలిన్ వాసనకి కళ్ళు మండాయి. ఆర్టిస్టుగారి బల్లమీద సగం గీసిన తుంటి ఎముక, పక్కన ఇంకు సీసా. మూత బిగుసుకుపోయి ఉంటే బాబాయే పంటితో పట్టి తిప్పాడు. నేను పరీక్షగొట్టంలోకి ఒక రెండు మిల్లీలీటర్లు వంపుకున్నాను, రేపు ఆయనకి చెబుతాలే అని.

తెచ్చిన ఇంకుని కూడా నమ్మకూడదు. తెరిచి ఉంచిన ఇంకులోనూ బూజు పెరుగుతుంది. ముందు ఇంకుతో ఒక చుక్క సెలైన్ కలిపి చూశాను, శుభ్రంగా ఉంది. ఈలోపు మిగిలిన వెన్నునీరు సెంట్రిఫ్యూజ్‌లో తిరుగుతోంది. పది నిమిషాలయ్యాక పైనీరు తీసేసి, అడుగున దిగినదాంట్లోంచి ఒక చుక్క స్లైడు మీద పెట్టి పక్కన ఇంకు కలిపాను. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఇంకు దట్టమైతే అంతా నలుపే, ఏమీ కనిపించదు. స్లైడుని న్యూస్‌పేపరు మీద పెడితే అక్షరాలు మసగ్గా చదవగలిగేంత పలచగా ఉండాలి. మొదటిది దట్టమైంది, పారేసి రెండోది చేశాను.

చిన్న లెన్సులోనే దొరికిపోయాయి. ముదురు గోధుమరంగు నేపథ్యంలో ఎక్కడచూసినా తెల్లటి గుండ్రాలు. పెద్ద లెన్సుకి మార్చాను. సగం ఉడికిన సగ్గుబియ్యం చూశారా, చుట్టూ పారదర్శకంగా, నడుమ ఒక గట్టి గింజతో? అచ్చం అలాగే. లింఫోసైటు చుట్టూ కూడా ఒక్కోసారి ఇంకు కాస్త పక్కకి తప్పుకుని తెల్లటి అంచులా కనిపిస్తుంది. దాన్ని చూసి మోసపోయినవాళ్ళు ఉన్నారు. కానీ ఆ తెలుపు అంచులో చెదిరిపోయి నలుపులో కలిసిపోతుంది. ఇక్కడ తెలుపు ఆగినచోట గీత గీసినట్టు ఆగింది. లోపలి కణానికి రెండు గీతల గోడ స్పష్టంగా ఉంది. మొగ్గ తొడిగిన కణాలు వెతకాల్సిన పనిలేకుండా ఉన్నాయి, తల్లికీ పిల్లకీ కలిపి ఒకటే క్యాప్సూల్.

వార్డుకి ఫోన్ చేస్తే పీజీ మేడమే కిందికి దిగివచ్చింది. మెడిసిన్‌లో రెండో సంవత్సరం అనుకుంటా. కళ్ళజోడు తీసి లెన్సులో కన్నుపెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

"ఇది పుస్తకంలో బొమ్మలా ఉందండీ" అంది.

"నేను జబ్బు పేరు రాయకూడదు మేడం. క్యాప్సూల్ ఉన్న బడ్డింగ్ ఈస్టు కనిపించింది అని రాస్తాను. తెల్లకణాలు 11."

"స్టెరాయిడ్ లోడ్ చేసి పెట్టి వచ్చాను. సిస్టర్‌కి ఇవ్వద్దని చెప్పాలి" అంటూ ఆవిడ మెట్లెక్కేసింది. ఫంగస్ ఉన్న తలలోకి టీబీ అనుకుని స్టెరాయిడ్ పంపితే ఏమవుతుందో నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

రిజిస్టరులో రాసేముందు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చి పిపెట్ మౌత్‌పీసు వైపు చూశాను. ఇలాంటి ఫంగస్ మెదడుకి ఎక్కిందంటే ఒంట్లో రోగనిరోధకశక్తి బాగా పడిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో, ఆ వయసు మనిషికి, అది ఎందుకు పడిపోతుందో అందరికీ తెలుసు, ఎవరూ గట్టిగా అనేవాళ్ళు కాదు. తర్వాత రక్తపరీక్షలో అదే తేలింది, హెచ్ఐవీ. నేను ఆ వారమే నా జీతంలోంచి ఒక రబ్బరు బల్బు కొనుక్కున్నాను, పిపెట్‌కి తగిలించి నొక్కి పీల్చడానికి. కొందరు నవ్వారు.

మైక్రోబయాలజీ మేడం మర్నాడు మిగిలిన శాంపిల్‌ని కల్చర్ వేశారు. మామూలు ఫంగస్ మీడియంతోపాటు ఇంకో ప్లేటు కూడా వేసి, తర్వాత నన్ను పిలిచి చూపించారు. వలిసె గింజలు నూరి మరిగించిన కషాయంతో చేసిన అగార్ అది. అరకులో కొండవాలంతా పసుపు పూలతో నిండిపోతుందే, ఆ వలిసెలే. ఆ గింజలోని పదార్థాన్ని వాడుకుని క్రిప్టోకాకస్ మెలనిన్ తయారుచేసుకుంటుంది, దాంతో దాని కాలనీలు గోధుమరంగుకి తిరుగుతాయి. మిగతా ఈస్టులు తెల్లగానే ఉండిపోతాయి. పావురాల రెట్టలోంచి దీన్ని వేరుచేయడానికి కూడా అదే వాడతారట. మేడం ఆ మాట అన్నాక మా వరండా చూరులో కువకువలాడే పావురాల్ని నేను మునుపటిలా చూడలేకపోయాను.

పేషెంటుని నేను సరిగా చూసింది ఒక్కసారే. కానీ అతని రక్తం మాత్రం తరచూ నా దగ్గరికి వచ్చేది. ఆంఫోటెరిసిన్ మందు ఆసుపత్రి స్టోరులో లేదు, బయట కొన్నారు. అది సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది, డెక్స్‌ట్రోజ్‌లోనే ఎక్కించాలి, అదీ గంటల తరబడి నెమ్మదిగా. ఎక్కుతుంటే మంచం ఊగేంత వణుకు వస్తుందని సిస్టర్లు చెప్పేవాళ్ళు. కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, పొటాషియంని బయటికి తోసేస్తుంది. మూడున్నర కంటే తగ్గకూడని పొటాషియం ఒక రాత్రి 2.7కి దిగింది. ఫ్లేమ్ ఫోటోమీటరు మీద రెండుసార్లు చూసి ఫోన్ చేశాను. ఆ తర్వాత ఇంజెక్షన్‌తోపాటు కొబ్బరినీళ్ళు కూడా తాగిస్తున్నామని అతని భార్య చెప్పింది. రక్తం ట్యూబు తెచ్చినప్పుడల్లా ఆవిడ కాసేపు గుమ్మంలో నిలబడేది.

"తలనొప్పి తగ్గింది అన్నయ్యా. వెన్నులో నీరు తీసినప్పుడల్లా తగ్గుతోంది. మళ్ళీ మళ్ళీ తీస్తే మనిషి నీరసపడడా?"

"ఆ నీరే లోపల ఒత్తుతోందమ్మా. తీస్తేనే మంచిది."

అది నిజం. ఈ జబ్బులో ప్రాణం తీసేది చాలాసార్లు ఆ ఒత్తిడే. ఫంగస్ జిగురు, కణాలు అడ్డుపడి వెన్నునీరు ఇంకిపోయే దారులు మూసుకుపోతాయి. మొదటిరోజు సూది పెట్టగానే నీరు చిమ్మిందని పీజీ మేడం తర్వాత చెప్పింది. తీసిన ప్రతి సీసా నాకు వచ్చేది. బతికి ఉన్న ఫంగస్సా, చచ్చిన ఫంగస్సా అన్నది ఇంకు చెప్పలేదు, మందు పనిచేశాక కూడా వారాల తరబడి ఆ గుండ్రాలు కనిపిస్తూనే ఉంటాయి. అది కల్చరే చెప్పాలి. నాకు కనిపించిందల్లా వాటి సంఖ్య తగ్గడం, మొగ్గలు తక్కువ కావడం.

అతను నడిచే ఇంటికి వెళ్ళాడు, ఫ్లూకొనజోల్ మాత్రలు పట్టుకుని. అవి ఆపకుండా వేసుకోవాలి. అసలు జబ్బుకి మందులు అప్పటికే వచ్చాయి గానీ వాళ్ళలాంటి కుటుంబం కొనే ధరలో లేవు. ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. అతను అప్పటిదాకా ఉన్నాడో లేదో నాకు కబురు తెలియలేదు.

ఇప్పుడు క్రిప్టోకాకస్‌కి స్ట్రిప్ టెస్టు ఉంది. వెన్నునీరైనా రక్తమైనా ఒక చుక్క చాలు, పది నిమిషాల్లో గీత వస్తుంది. ఇంకుకి దొరకనివి కూడా దానికి దొరుకుతాయి. తలనొప్పి మొదలవడానికి కొన్ని వారాల ముందే రక్తంలో పట్టేస్తుంది. మంచిదే. అయితే కాగితం మీద "టీబీ" అని రాసి ఉంటే ఆ స్ట్రిప్ ఎవరు అడుగుతారన్నది నా సందేహం. వెన్నునీటిని మెషీన్‌లో పెట్టి లెక్కపెట్టే చోట్ల అది ఈస్టుని కూడా లింఫోసైట్లలో కలిపేయొచ్చు. మెషీన్‌కి 57 వస్తే 57 అనే ప్రింటిస్తుంది.

ఆ సంఘటన తర్వాత, రాత్రిపూట వచ్చే ప్రతి వెన్నునీటికీ ఇంకు పరీక్ష చేయాలని మైక్రోబయాలజీ మేడం పట్టుబట్టారు. దానికి నన్ను ఇండెంటు పెట్టమన్నారు. "ఇండియా ఇంకు, ఒక సీసా" అని రాసి స్టోరుకి పంపాను. ఇంకు ల్యాబు సామాను కిందకి రాదు, స్టేషనరీ కిందకి వస్తుంది అని వెనక్కి వచ్చింది. స్టేషనరీకి పంపాను. టెక్నీషియన్లకి బాల్‌పెన్నులు మంజూరయ్యాయి కాబట్టి ఇంకు అవసరమేమిటో వివరించమన్నారు. వివరిస్తూ అరపేజీ రాశాను, మేడం సంతకం పెట్టారు. చాలాకాలానికి అటెండరు ఒక ప్యాకెట్ తెచ్చి బల్లమీద పెట్టాడు. విప్పి చూస్తే ఫౌంటెన్ పెన్ను ఇంకు, రాయల్ బ్లూ, రెండు సీసాలు. అప్పటికి ఆర్టిస్టుగారు తనంతట తానే నాకొక సీసా నింపి ఇచ్చేశాడు, మూత ఈసారి మరీ బిగించకుండా.